కంట్లో చుక్కలు వేస్తే అమ్మకి పిల్లికూతలు: ఉబ్బసం, హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లకి బీటా బ్లాకర్లు ఎందుకు వద్దంటారు?

లత_సూర్యాపేట

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 61 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా ఉబ్బసం ఉంది. పొద్దున, రాత్రి రెండు పఫ్‌ల ఇన్‌హేలర్ వాడుతుంది. ఎప్పుడైనా పట్టేసినట్టు ఉంటే నీలం రంగు సాల్బుటమాల్ కొట్టుకుంటే పది నిమిషాల్లో సర్దుకునేది. డిసెంబర్ 5న కళ్లద్దాల కోసం వెళ్తే కంట్లో ప్రెషర్ ఎక్కువుంది, నీటికాసుల జబ్బు మొదలైంది అన్నారు. టిమోలాల్ 0.5 శాతం చుక్కలు, రెండు కళ్లలో ఒక్కొక్క చుక్క, రోజుకి రెండు పూటలా వేయమన్నారు. బీపీ, షుగర్ ఉన్నాయా అని అడిగారు, లేవని చెప్పాం. ఉబ్బసం సంగతి వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. కంటికీ ఊపిరితిత్తులకీ ఏం సంబంధం అనుకున్నాం.

రెండు వారాలకి రాత్రిపూట దగ్గు మొదలైంది. తర్వాత పిల్లికూతలు. ఇంట్లో పీక్ ఫ్లో మీటర్ ఉంది, అమ్మ రోజూ ఊది క్యాలెండర్ మీద రాస్తుంది. మామూలుగా 290, 300 వచ్చేది. డిసెంబర్ 20కి 240, జనవరి 10కి 210. భోగి రోజు రాత్రి 150కి పడిపోయింది. నీలం ఇన్‌హేలర్ పది పఫ్‌లు కొట్టినా ఫలితం లేదు. హాస్పిటల్‌కి తీసుకెళ్తే సాల్బుటమాల్‌తో పాటు ఇప్రట్రోపియం అనే ఇంకో మందు కలిపి నెబ్యులైజర్ పెట్టారు, అప్పుడు కాస్త తేలికపడింది. ఛాతీ డాక్టర్ గారు మందులన్నీ చూసి, "ఇంకేమైనా వాడుతున్నారా, చుక్కలు, ఆయింట్‌మెంట్లు కూడా చెప్పండి" అన్నారు. అమ్మ సంచిలోంచి కంటి సీసా తీసి ఇచ్చింది. ఆయన లేబుల్ చదివి తల పట్టుకున్నారు.

ఈసీజీ కూడా తీశారు. పల్స్ 52, పీఆర్ 240 అని రాశారు. "హార్ట్ బ్లాక్ కూడా కొంచెం ఉంది, ఈ చుక్కలకి రెండు రకాలుగా సరిపడని మనిషి" అన్నారు. చుక్కలు మార్పించారు.

నా ప్రశ్నలు రెండే. కంట్లో వేసిన ఒక్క చుక్క ఊపిరితిత్తుల దాకా ఎలా వెళ్లింది? ఉబ్బసానికీ హార్ట్ బ్లాక్‌కీ ఒకే మందు ఎందుకు పడదు?

---

మెడికల్_శ్రీను

లత గారు, నాకు ఖమ్మంలో మెడికల్ షాపు ఉంది. టిమోలాల్ అనేది బీటా బ్లాకర్. పేరు చివర "లాల్" ఉంటే చాలావరకు ఆ కుటుంబమే: అటెనోలాల్, మెటోప్రొలాల్, ప్రొప్రనోలాల్. ఉబ్బసం వాళ్లకి ఇవి పడవు, నిజమే. కానీ అది పాత రకాల సంగతి. ఇప్పుడొచ్చే బిసోప్రొలాల్, నెబివొలాల్ గుండె మీద మాత్రమే పని చేస్తాయి, ఊపిరితిత్తుల జోలికే వెళ్లవు. బీపీకి అవి వాడుకోవచ్చు, టెన్షన్ అక్కర్లేదు.

---

రాత్రి_డ్యూటీ

లత గారు, నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని, పద్నాలుగేళ్లుగా క్యాజువాలిటీలోనే. మీ అమ్మగారి లాంటి కేసులు ఇన్నేళ్లలో నాలుగైదు చూశాను. ఒక్కదాంట్లోనూ కంటి చుక్కల సంగతి ఇంట్లోవాళ్లు తమంతట తాము చెప్పలేదు. అడిగితే గానీ రాదు. చుక్కల్ని మందు కింద లెక్కవేయరు మనవాళ్లు.

మొదటి ప్రశ్న. కంటి రెప్ప వెనక పట్టేది చాలా తక్కువ. సీసా నుంచి పడే చుక్క అంతకంటే పెద్దది. మిగిలింది కొంత చెంప మీదకి కారుతుంది, కొంత ముక్కు పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది కూడా ఆ దారినే. ముక్కు లోపలి పొర పల్చన, దాని నిండా రక్తనాళాలు, మందు నేరుగా రక్తంలోకి వెళ్లిపోతుంది. మాత్ర మింగితే మందు ముందు కాలేయం గుండా వెళ్లాలి. టిమోలాల్ అయితే అక్కడే సగం దాకా విరిగిపోతుంది. ముక్కు దారిలో ఆ వడపోత లేదు.

లెక్క వేసి చూడండి. 0.5 శాతం అంటే మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాములు. చుక్క సుమారు మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. అంటే చుక్కకి పావు మిల్లీగ్రాము. రెండు కళ్లు, రెండు పూటలు కలిపితే రోజుకి ఒక మిల్లీగ్రాము. బీపీకి టిమోలాల్ మాత్ర 10 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రెండు పూటలా ఇచ్చేవాళ్లు. దాంతో పోలిస్తే ఇది చిన్నదే. కానీ వడపోత లేకుండా దిగుతుంది, పైగా ఉబ్బసం మనిషి గొట్టాలకి ఇంత పిసరు చాలు. టిమోలాల్ చుక్కల పెట్టెలో ఇచ్చే కాగితం మీదే ఉంటుంది, ఉబ్బసం ఉన్నవాళ్లలో దీనివల్ల ఊపిరితిత్తులు బిగుసుకుపోయి మరణాలు జరిగాయని. ఆ కాగితం ఎవరూ విప్పరు.

ఇప్పుడు శ్రీను గారు. మీరు చెప్పింది సగం నిజం. అడ్రినలిన్ అంటుకుని పని చేసే తాళాల్లాంటివి బీటా రిసెప్టార్లు, వాటిని మూసేసేదే బీటా బ్లాకర్. గుండె మీద ఉండే బీటా రిసెప్టార్లలో ఎక్కువ భాగం ఒకటో రకం. శ్వాసగొట్టాల కండరం మీద ఉండేవి రెండో రకం. ప్రొప్రనోలాల్, టిమోలాల్, కార్వెడిలాల్ రెండు రకాలనీ మూసేస్తాయి. బిసోప్రొలాల్, నెబివొలాల్, మెటోప్రొలాల్ ఒకటో రకాన్ని ఎక్కువగా, రెండోదాన్ని తక్కువగా పట్టుకుంటాయి. అటెనోలాల్ పాతదే అయినా ఈ గుంపులోదే. "ఎక్కువగా" అన్నానే గానీ "మాత్రమే" అనలేదు. డోసు పెరిగేకొద్దీ ఆ తేడా చెరిగిపోతుంది. మందు మింగాక రక్తం దాన్ని అన్నిచోట్లకీ మోసుకెళ్తుంది, గుండె దగ్గర ఆగిపోదు.

---

రమణమూర్తి_వైజాగ్

డాక్టర్ గారూ, మీ చర్చ చదివి భయం వేసింది. మా నాన్నగారికి 72. పోయిన ఏడాది మూడు బ్లాకులు అని చెప్పి ఒక స్టెంట్ వేశారు. మిగతా రెండూ మందులతో చూద్దాం అన్నారు. అప్పటినుంచి మెటోప్రొలాల్ 25 రెండు పూటలా వాడుతున్నారు. బ్లాకులున్నవాళ్లకి ఇది పడదని ఇక్కడ రాశారు. మరి మావాళ్లకి ఎలా ఇచ్చారు? నిన్న రాత్రి మాత్ర వేయలేదు, ఇవాళ పొద్దున కూడా వేయలేదు. ఇక ఆపేద్దామా?

---

రాత్రి_డ్యూటీ

రమణమూర్తి గారు, ఆపొద్దు. ఇప్పుడే నాన్నగారి కార్డియాలజిస్ట్‌కి ఫోన్ చేసి రెండు డోసులు తప్పాయని చెప్పి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడగండి. ఛాతీలో నొప్పి, చెమటలు లాంటివి ఉంటే ఫోన్లు మానేసి నేరుగా హాస్పిటల్‌కి వెళ్లండి.

మాటలో వచ్చిన చిక్కు ఇది. మనం "బ్లాకులు" అనేది రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోవడాన్ని. అది గొట్టాల సమస్య. లత గారి అమ్మగారికి రాసిన "హార్ట్ బ్లాక్" వైరింగ్ సమస్య. ఇంట్లో నీళ్ల పైపుకి అడ్డు పడటం వేరు, కరెంటు తీగ సరిగ్గా అందుకోకపోవడం వేరు. రెంటికీ ఒకే మాట వాడి అందరం గందరగోళపడుతున్నాం, డాక్టర్లతో సహా.

పైపు సమస్య ఉన్నవాళ్లకి బీటా బ్లాకర్ చాలాసార్లు మేలు చేస్తుంది. గుండె నెమ్మదిగా, తక్కువ బలంతో కొట్టుకుంటే దానికి కావాల్సిన ఆక్సిజన్ తగ్గుతుంది, ఇరుకు గొట్టంలోంచి వచ్చే రక్తమే సరిపోతుంది. వైరింగ్ సమస్య ఉన్నవాళ్లకి ఆ నెమ్మదే ముప్పు.

ఇంకో సంగతి. నెలల తరబడి రిసెప్టార్లని మూసి ఉంచితే గుండె ఇంకొన్ని రిసెప్టార్లని పుట్టించుకుంటుంది. ఒక్కసారిగా మాత్ర ఆపితే అవన్నీ తెరుచుకుని అడ్రినలిన్‌కి దొరుకుతాయి. గుండె పరుగు పెడుతుంది. బ్లాకులున్న మనిషికి అప్పుడు నొప్పి రావచ్చు, గుండెపోటు కూడా రావచ్చు. ఆపాల్సి వచ్చినా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి.

---

రమణమూర్తి_వైజాగ్

చేశాను సార్. ఇప్పుడే వేసేయమన్నారు, గట్టిగా చీవాట్లు కూడా పెట్టారు. థాంక్స్.

---

ఈసీజీ_సుబ్బారావు

నేను ఈసీజీ టెక్నీషియన్‌ని, తెనాలి. డాక్టర్‌ని కాదు గానీ రోజుకి నలభై యాభై కాగితాలు తీస్తాను. వైరింగ్ ఏంటో కళ్లతో చూపిస్తాను.

లత గారు, అమ్మగారి ఈసీజీ కాగితం దగ్గరుంటే తీయండి. గులాబీ రంగు గడులుంటాయి. చిన్న గడి ఒకటి నలభై మిల్లీసెకన్లు. ముందొక చిన్న గుబ్బ వస్తుంది, అది గుండె పై గదులు ముడుచుకోవడానికి వచ్చిన కరెంటు. తర్వాత కాసేపు గీత చదునుగా పోయి, సూదిలాగా పెద్ద ముల్లు లేస్తుంది, అది కింది గదులది. గుబ్బ మొదలైన చోటు నుంచి ముల్లు మొదలయ్యే చోటు దాకా ఎన్ని చిన్న గడులో లెక్కపెట్టండి. అదే పీఆర్. మూడు నుంచి అయిదు ఉంటే మామూలు. అమ్మగారిది 240 అంటే ఆరు గడులు.

కరెంటు పై గది నుంచి కిందికి దిగేముందు మధ్యలో ఒక చోట ఆగి వస్తుంది. టోల్ గేటు అనుకోండి. ఆ ఆగడం కావాల్సిందే, పై గదులు రక్తాన్ని కిందికి నెట్టడానికి టైమ్ కావాలి కదా. గేటు మరీ నెమ్మదైతే ఫస్ట్ డిగ్రీ. ఇంకా ముదిరితే ఒక్కో గుబ్బ వెనక ముల్లు రాదు, బండి గేటు దగ్గరే నిలిచిపోయిందన్నమాట. సెకండ్ డిగ్రీ. గేటు పూర్తిగా మూసుకుంటే థర్డ్ డిగ్రీ. అప్పుడు పైన గుబ్బలు తమ దారిన తాము, కింద ముళ్లు తమ దారిన తాము, ముప్పయ్యో ముప్పయ్యయిదో కొట్టుకుంటూ పోతాయి. ఆ కాగితం బయటికి వస్తుంటే నేను సంతకం కోసం కూడా ఆగకుండా డాక్టర్ గదికి పరిగెత్తుతాను.

---

రాత్రి_డ్యూటీ

సుబ్బారావు గారు, దీన్ని నేను ఇంత బాగా చెప్పలేను.

లత గారి రెండో ప్రశ్నకి జవాబు ఈ గేటు దగ్గరే ఉంది. ఆ గేటుకి ఇద్దరు కాపలావాళ్లు. ఒకరు తొందరపెట్టే అడ్రినలిన్, ఇంకొకరు ఆపే వేగస్ నరం. బీటా బ్లాకర్ అడ్రినలిన్ నోరు నొక్కేస్తుంది. మంచి గేటు అయితే పల్స్ కాస్త తగ్గి ఊరుకుంటుంది. అప్పటికే అరిగిన గేటు అయితే అడ్రినలిన్ నెట్టుతుంటేనే అంతోఇంతో తెరుచుకుంటోంది, ఆ నెట్టుడు కూడా పోతే నిలిచిపోతుంది. పూర్తి బ్లాక్‌లో కింది గదులు సొంతంగా కొట్టుకునే ఆ ముప్పయ్యయిదు కూడా అడ్రినలిన్ ఆసరాతోనే నడుస్తుంటుంది. అందుకే రెండో, మూడో డిగ్రీ ఉంటే పేస్‌మేకర్ లేకుండా బీటా బ్లాకర్ ఇవ్వం. పేస్‌మేకర్ ఉంటే గేటు మీద ఆధారపడాల్సిన పని లేదు కాబట్టి అవసరమైతే ఇస్తాం.

ఫస్ట్ డిగ్రీ ఒక్కటే ఉంటే ప్రతిసారీ వద్దనం. కాస్త పొడుగ్గా ఉన్నవాళ్లు చాలామంది మామూలుగా వాడుకుంటారు. 240 దగ్గరికి వస్తే మాత్రం రెండుసార్లు ఆలోచిస్తాం.

శ్వాసగొట్టాల దగ్గరా కథ ఇంతే. అక్కడ కండరాన్ని వదులు చేసేది రక్తంలో తిరిగే అడ్రినలిన్, బిగించేది వేగస్ నరం. మామూలు మనిషిలో అడ్రినలిన్ లేకపోయినా గొట్టం పెద్దగా బిగుసుకోదు. ఉబ్బసం మనిషిలో వేగస్ చెయ్యి ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది, అడ్రినలిన్ దాన్ని పట్టుకుని ఆపుతుంటుంది. దానికి తోడు, వేగస్ నరం చివర్న కూడా బీటా రిసెప్టార్లుంటాయి, బిగించే రసాయనాన్ని మరీ ఎక్కువ వదలకుండా అవి బ్రేకులా పని చేస్తాయి. టిమోలాల్ ఆ బ్రేకునీ తీసేస్తుంది. మీ అమ్మగారికి ఇప్రట్రోపియం పెట్టాకే తేలికపడిందన్నారు చూడండి, అందుకే. అది వేగస్ వైపు నుంచి పని చేసే మందు, బీటాలతో దానికి పని లేదు.

సాల్బుటమాల్ మాత్రం రెండో రకం బీటా మీదే పని చేయాలి. తాళంలో వేరే చెవి ఇరుక్కుని ఉంటే మన చెవి ఎలా దూరుతుంది? పది పఫ్‌లు కొట్టినా పట్టనిది అందుకే. నా మటుకు నాకు ఈ మందుల జంటలో భయపెట్టేది ఇదే. ఆయాసం రావడం ఒక ఎత్తు, ఎప్పుడూ ఆదుకునే ఇన్‌హేలర్ ఆ రోజే పని చేయకపోవడం ఇంకో ఎత్తు.

---

పద్మజ_కాకినాడ

అందరూ ఇంత భయపెడుతున్నారు గానీ, మా పిన్నికి ఉబ్బసం ఉంది. పదేళ్లుగా బీపీకి అటెనోలాల్ 50 వాడుతోంది. రాయిలా ఉంది. మరి దీనికేమంటారు?

---

మెడికల్_శ్రీను

నేను చెప్పింది అదే కదా మేడమ్. మా కౌంటర్‌లో ఇలాంటివాళ్లు డజన్ల మంది.

---

రాత్రి_డ్యూటీ

పద్మజ గారు, అబద్ధమని నేననడం లేదు. అటెనోలాల్ గుండె వైపు మొగ్గే రకం, 50 పెద్ద డోసు కాదు, పిన్నిగారిది తేలికపాటి ఉబ్బసం అయుండొచ్చు. ఇలాంటి మందుల తొలి డోసు ఇచ్చి ఊపిరి కొలిచిన పరిశోధనలన్నీ 2002లో ఒకచోట చేర్చి చూశారు. తేలికపాటి, మధ్యస్థ ఉబ్బసంలో ఒక సెకనులో ఊదే గాలి సగటున 7 నుంచి 8 శాతం తగ్గింది, ఇన్‌హేలర్‌కి తిరిగి లేచింది. సగటు అంటే కొందరిలో అసలు తగ్గలేదు, కొందరిలో చాలా తగ్గింది. మన పిన్ని ఏ గుంపులో ఉందో ముందుగా చెప్పే పరీక్ష నాకు తెలిసి లేదు. పైగా ఆ పరిశోధనలు జరిగింది జబ్బు అదుపులో ఉన్న రోజుల్లో. జలుబు చేసి గొట్టాలు వాచిన రోజున ఏమవుతుందో అవి చెప్పవు.

మీ పిన్నిగారు రేపే ఆపేయాలని కాదు. బీపీకి వేరే మందులు బోలెడున్నాయి కాబట్టి, ఈసారి వెళ్లినప్పుడు "నాకు ఉబ్బసం ఉంది, ఇదే ఉంచాలా" అని డాక్టర్‌ని అడగమనండి. మెల్లగా మార్చడం వాళ్లు చూసుకుంటారు.

తేలని చోటు ఒకటుంది, దాచను. గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె నీరసించినవాళ్లు ఉంటారు, బీటా బ్లాకర్ వల్ల ఆయుష్షు పెరిగేవాళ్లు వీళ్లలో చాలామంది. వీళ్లకే తేలికపాటి ఉబ్బసం కూడా ఉంటే? నేనైతే ఛాతీ డాక్టర్‌తో మాట్లాడి, బిసోప్రొలాల్ అతి చిన్న డోసుతో వార్డులో ఉంచి మొదలుపెట్టిన సందర్భాలున్నాయి. నా సీనియర్ ఒకాయన ససేమిరా ఒప్పుకోరు. ఇద్దరి దగ్గరా కారణాలున్నాయి.

---

కిరణ్_డల్లాస్

మధ్యలో దూరుతున్నాను, సారీ. ఇంటర్వ్యూల ముందు గుండె దడ, చేతులు వణకడం నాకు మామూలే. రూమ్‌మేట్ ప్రొప్రనోలాల్ 10 ఇచ్చాడు, "క్యాండీలా వేసుకో, చేతులు వణకవు" అన్నాడు. చిన్నప్పుడు నెల్లూరులో ఉన్నప్పుడు ఉబ్బసం ఉండేది, పదో తరగతి తర్వాత రాలేదు. చిన్న డోసే కదా, శుక్రవారం వేసుకోనా?

---

రాత్రి_డ్యూటీ

వద్దు తమ్ముడూ. ఈ మందు పుట్టిన రోజుల్లోనే, 1964లోనే, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇస్తే ఏమవుతుందో పరీక్షించి ప్రచురించారు, ఊపిరి పడిపోయింది. రెండు రకాలనీ మూసేసే మందు ఇది. చిన్ననాటి ఉబ్బసం చాలామందిలో పోదు, నిద్రపోతుంది. ఎవరో ఇచ్చిన మాత్ర ఇంటర్వ్యూ రోజున, ఒంటరిగా, ఇన్‌హేలర్ కూడా దగ్గర లేకుండా మొదటిసారి వేసుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకో. మీ డాక్టర్‌కి చిన్ననాటి సంగతి చెప్పి, వేరే దారి అడుగు.

---

కిరణ్_డల్లాస్

ఓకే సార్. రూమ్‌మేట్‌కి తిరిగి ఇచ్చేస్తాను. వాడికి మైగ్రేన్‌కి రాశారట, వాడి దగ్గరే ఉండనీ.

---

ఈసీజీ_సుబ్బారావు

గేటు సంగతి మాట్లాడుకున్నాం కదా, పోయిన నెల వచ్చిన ఒకాయన గుర్తొస్తున్నారు. వయసు డెబ్భై దాటింది. బాత్రూమ్‌లో కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారట. పల్స్ 38. కాగితం తీస్తే గుబ్బకీ ముల్లుకీ మధ్య దూరం ఒక్కో బీటుకీ పెరుగుతూ పోయి, నాలుగో గుబ్బకి ముల్లు రాలేదు. మళ్లీ చిన్నదిగా మొదలై, మళ్లీ పెరిగి, మళ్లీ ఎగిరిపోయింది. కాసేపటికి రెండు గుబ్బలకి ఒక్కో ముల్లు చొప్పున పడుతోంది. మా డాక్టర్ మందుల చీటీలు అడిగితే రెండు చీటీలు తీశారు. ఒక ఊళ్లో డాక్టర్ మెటోప్రొలాల్ 50 రెండు పూటలా రాశారు. ఇంకో ఊళ్లో డాక్టర్ బీపీకి డిల్టియాజెమ్ రాశారు. ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు.

రెండూ ఆపేశారు. మానిటర్ మీద పెట్టి చూశారు. మూడో రోజుకి ప్రతి గుబ్బకీ ముల్లు వచ్చింది, కానీ ఆరు గడుల దూరం అలాగే మిగిలింది. "మందు వల్లే వచ్చింది, మందు ఆపితే పోయింది, ఇక పేస్‌మేకర్ అక్కర్లేదు కదా" అని కొడుకు అడిగాడు. మా డాక్టర్ ఏదో చెప్పారు, నాకు సరిగా అర్థం కాలేదు.

---

రాత్రి_డ్యూటీ

బహుశా ఇది చెప్పి ఉంటారు. డిల్టియాజెమ్, వెరపమిల్ కూడా అదే గేటుని ఇంకో వైపు నుంచి నెమ్మది చేస్తాయి. అందుకే బీటా బ్లాకర్‌తో ఈ రెంటినీ కలపాలంటే జంకుతాం. అయితే మంచి గేటు ఈ మందుల మామూలు డోసులకి సాధారణంగా అంతగా మూసుకుపోదు. మూసుకుపోయిందంటే లోపల ఎంతో కొంత అరుగుదల ఉండే ఉంటుంది, మందు దాన్ని బయటపెట్టింది. ఇలాంటివాళ్లలో చాలామందికి మందు ఆపినా కొన్నాళ్లకి బ్లాక్ మళ్లీ వస్తుంది, పేస్‌మేకర్ పడుతుంది. అందరికీ కాదు. అందుకే ఆ పెద్దాయన్ని మళ్లీ మళ్లీ పిలిచి ఈసీజీ తీస్తూ ఉండాలి.

---

లత_సూర్యాపేట

సుబ్బారావు గారు, కాగితం తీసి లెక్కపెట్టాను. సరిగ్గా ఆరు గడులు. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది, ఇన్నాళ్లూ అది బీరువాలో మడిచి పెట్టి ఉంది.

ఒక అనుమానం మిగిలింది. అమ్మకి ఎక్కువైంది భోగి రోజు రాత్రి. ఆ తెల్లవారుజామున వీధి మొత్తం మంటలు, పాత టైర్లు కూడా వేశారు ఎవరో. మా అన్నయ్య "చుక్కలూ లేదు ఏమీ లేదు, పొగ వల్లే" అంటున్నాడు. పైగా హాస్పిటల్‌లో అయిదు రోజులు స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇచ్చారు. చుక్కలు ఆపాక జనవరి 20కి పీక్ ఫ్లో 270కి వచ్చింది. అది చుక్కలు ఆపినందుకా, స్టెరాయిడ్‌కా?

---

రాత్రి_డ్యూటీ

అన్నయ్య మాటని కొట్టిపారేయలేను. ఆ రోజు 150 దాకా పడటంలో పొగ వాటా కచ్చితంగా ఉంటుంది. 270కి లేవడంలో స్టెరాయిడ్ వాటా కూడా ఉంటుంది. దేనిది ఎంతో విడదీయలేం.

కానీ అమ్మగారి క్యాలెండర్ చూడండి. డిసెంబర్ 20కే 240, జనవరి 10కే 210. అప్పటికి భోగి రాలేదు. చలికాలం ఉంది, నిజమే, పోయిన డిసెంబర్ అంకెలు ఉంటే పోల్చండి. ఇంకొకటి పల్స్. పొగకి, ఆయాసానికి పల్స్ పెరగాలి. ఊపిరాడక హాస్పిటల్‌కి వచ్చిన మనిషికి, అందులోనూ సాల్బుటమాల్ పది పఫ్‌లు కొట్టుకున్న మనిషికి 110, 120 ఉండాలి. 52 ఉందంటే ఏదో పట్టి ఉంచిందన్నమాట. మీ డాక్టర్ గారికి చుక్కల అనుమానం వచ్చింది అక్కడేనని నా ఊహ.

ఇప్పుడు ఏ చుక్కలు రాశారు? చుక్కలు ఆపాక ఈసీజీ మళ్లీ తీశారా?

---

లత_సూర్యాపేట

పోయిన డిసెంబర్ క్యాలెండర్ అమ్మ దాచింది. అన్నీ 280 పైనే. అన్నయ్యకి ఫోటో పంపాను, ఇంకా బదులు రాలేదు.

ఇప్పుడు లాటనోప్రోస్ట్, రాత్రిపూట ఒక్క చుక్క. నిన్న ఈసీజీ తీశారు. పల్స్ 70, పీఆర్ 210. పూర్తిగా మామూలు కాలేదు, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. కంటి డాక్టర్ గారు ప్రెషర్ ఇంకా కొంచెం ఎక్కువే ఉంది, అవసరమైతే రెండో మందు కలపాలి అన్నారు.

---

మెడికల్_శ్రీను

ఆ రెండో మందు దగ్గర జాగ్రత్త మేడమ్. ఇది మాత్రం నా లైనే. డోర్జోలమైడ్, బ్రిమోనిడిన్ విడిగానూ దొరుకుతాయి, టిమోలాల్‌తో కలిపిన సీసాల్లోనూ వస్తాయి. లాటనోప్రోస్ట్‌లో కూడా కలిపినవి ఉన్నాయి. బ్రాండ్ పేరు మీద ఆ సంగతి ఏమీ తెలియదు. స్టాక్ లేకపోతే కుర్రాళ్లు "ఇదీ అదే అక్కా" అని కలిపినది ఇచ్చేస్తారు. మా షాపులో కూడా అయుండొచ్చు, ఒప్పుకుంటున్నాను. సీసా మీద పెద్దక్షరాలు వదిలేసి కింద చిన్న అక్షరాల్లో ఏమేం కలిపారో చదవండి.

డాక్టర్ గారూ, ముక్కు పక్కన వేలితో నొక్కి పట్టుకుంటే టిమోలాల్ కిందికి దిగదంటారు కదా, అలా చేస్తే ఉబ్బసం వాళ్లు కూడా వాడుకోవచ్చా?

---

రాత్రి_డ్యూటీ

కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలని రెండు మూడు నిమిషాలు నొక్కి ఉంచితే రక్తంలోకి వెళ్లేది బాగా తగ్గుతుంది. ఏ చుక్కలకైనా మంచి అలవాటే, లత గారు లాటనోప్రోస్ట్‌కి కూడా నేర్పించండి. కానీ తగ్గుతుంది అంటే సున్నా కాదు. అరవై ఏళ్లావిడ రోజూ రెండు పూటలా, రెండు కళ్లకీ, ఒక్కరోజు కూడా మర్చిపోకుండా సరిగ్గా నొక్కుతుందన్న నమ్మకం మీద ఉబ్బసం మనిషికి టిమోలాల్ రాయను.

---

లత_సూర్యాపేట

అమ్మ ఇన్‌హేలర్ డబ్బా మూత మీద మార్కర్‌తో "టిమోలాల్ వద్దు, చివర లాల్ ఉంటే డాక్టర్‌ని అడగాలి" అని రాశాను. కింద "హార్ట్ బ్లాక్ (వైరింగ్), పీఆర్ 210" అని కూడా. పక్కింటావిడ అది చూసి "మీ అమ్మకి స్టెంట్ వేశారా?" అని అడిగింది.